అత్తమ్మ విమానం ఎక్కేలోపు

దిల్‌సుఖ్‌నగర్



బాబును చూసుకోవడానికి అమెరికా వస్తున్న మీ అత్తమ్మకు పంపేముందు ఒకసారి చూడమని నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. అందులో తప్పేమీ లేదు. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఆ మాట ధైర్యంగానే చెబుతున్నాను. కానీ దాన్ని చదవబోయేది ఎల్బీనగర్‌లో ఇద్దరు బిడ్డల్ని పెంచి పెద్ద చేసిన మనిషి. పొద్దున్నే ఫోన్ తెరవగానే వరసగా ‘వద్దు’లు కనిపిస్తే, అందులోని విషయం ఆమెకు ఎక్కదు. కోడలికి నా మీద నమ్మకం లేదన్న మాట ఒక్కటే మిగులుతుంది. అందుకని అది అలాగే పంపకు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఇంగ్లిష్ కాగితం కూడా ఫార్వర్డ్ చేయకు. తెలుగులో రాయి, నువ్వే రాయి. మీ ఆయనతో చెప్పిస్తే తల్లీకొడుకుల మధ్య మాట అవుతుంది. నువ్వు రాస్తే ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పుకున్నట్టు ఉంటుంది.

మొదట ఆమెకు అప్పగించేవి రాయి. నూనె మర్దన, స్నానం, జోలపాట, పగలు ఎత్తుకుని కబుర్లు చెప్పడం, ఇవన్నీ ఆమెవి. మనస్ఫూర్తిగా ఇచ్చెయ్. బాబుకు స్నానం ఎలా చేయించాలో ఆమెకు నువ్వు చెప్పక్కర్లేదు, మీ బాత్రూమ్ ఎలా ఉంటుందో చెబితే చాలు. ఇక్కడిలా పీట వేసుకుని కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోయడానికి అక్కడ నేలకు తూము ఉండదు కదా. టబ్బు లోపల జారని రబ్బరు పట్టా పరిచి చిన్న పీట వేసిపెట్టు. అక్కడి కొళాయిలో వేడినీళ్లు ఉన్నట్టుండి మరిగిపోతాయి. అందుకని నీళ్లు ముందే బకెట్‌లో పట్టి, మోచేత్తో చూసి పోయమను. హీటర్‌ను మీ ఆయనతో 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా పెట్టించు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయొద్దని మాత్రం చెప్పు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ కూడా మానేయమను. పసివాడి ఊపిరికి అది మంచిది కాదు, పైగా ఇంట్లో అలారం మోగి ఆమె హడలిపోతుంది.

ఆ తర్వాత నువ్వు గట్టిగా నిలబడాల్సినవి మూడే: నిద్ర, నోరు, జ్వరం. మిగతా చిన్న చిన్న సంగతులు వదిలెయ్. కాటుక కంట్లో పెట్టకుండా అరికాలికి దిష్టిచుక్కగా పెడితే నువ్వేమీ అనకు.

అన్నిటికన్నా నిద్ర ముఖ్యం. ఎక్కువ వాదన వచ్చేదీ అక్కడే, కాబట్టి దీనికి వివరంగా రాయాలి. బాబును ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, రాత్రయినా, పగటి కునుకైనా. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా తొడిగిన దుప్పటి, అంతే. తల గుండ్రంగా రావాలని ఇక్కడ ఆవాల దిండు పెడతాం. అది వద్దని, ఆమె దాన్ని సూట్‌కేసులో పెట్టకముందే చెప్పడం మేలు. తెచ్చాక వద్దంటే మనసు నొచ్చుకుంటుంది.

ఆమె అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు పొరమారవా అని. వార్డులో ప్రతి అమ్మమ్మా, నానమ్మా అడిగేవారు. దీనికి ‘డాక్టర్ చెప్పాడు’ అని జవాబివ్వకు, కారణం చెప్పు. గొంతులో గాలిగొట్టం ముందు ఉంటుంది, అన్నవాహిక వెనక ఉంటుంది. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైకి వస్తుంది, అన్నవాహిక కిందికి పోతుంది. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకుంటే అదంతా తలకిందులవుతుంది, పాలు గాలిగొట్టం మూతి దగ్గరే నిలుస్తాయి. ఈ మాట చెబితే ఆమె తనే ఊహించుకుంటుంది.

రెండో ప్రశ్న, మా పిల్లలు బోర్లా పడుకునే పెరిగారు కదా అని. అవునని ఒప్పుకో, అది నిజమే. ఒకప్పుడు అమెరికా డాక్టర్లు కూడా బోర్లానే పడుకోబెట్టమనేవారు. 1992లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఆ మాట మార్చుకుంది. 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టండి అని దేశమంతా ప్రచారం చేశారు. ఆ దశాబ్దంలో నిద్రలోనే ఉన్నట్టుండి చనిపోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. అంటే అత్తమ్మ అప్పుడు చేసింది తప్పు కాదు, అందరికీ తెలిసింది అంతే. ఈ ముక్క మెసేజ్‌లో తప్పకుండా ఉండాలి.

తల వెనక చదునవుతుందని ఆమె దిగులు పడితే, ఆ పని కూడా ఆమెకే అప్పగించు. బాబు మెలకువగా ఉన్నప్పుడు రోజూ కొన్నిసార్లు, కొద్ది నిమిషాలు, ఆమె కళ్ల ముందే బోర్లా వేసి ఆడించమను. మెడ గట్టిపడుతుంది, తలా గుండ్రంగా వస్తుంది.

ఇంకో సంగతి నీ మెసేజ్‌లో లేదు. మన పగలు మీకు రాత్రి. దిగిన మొదటి వారం ఆమెకు అర్ధరాత్రి మెలకువ, పగలు తూగు. రాత్రి రెండింటికి బాబు ఏడిస్తే, నువ్వు పడుకో బిడ్డా, నేను చూసుకుంటా అంటుంది. బాబును గుండెల మీద వేసుకుని సోఫాలో కూర్చుంటుంది. తెల్లవారుజామున ఆమెకు తెలియకుండానే కన్ను అంటుకుంటుంది. పసిబిడ్డకు అంతకన్నా ప్రమాదమైన చోటు ఇంట్లో లేదు. మనిషికీ సోఫా దిండ్లకీ మధ్య బిడ్డ ముఖం ఇరుక్కుంటే ఏడవడానికి కూడా ఊపిరి ఉండదు. కాబట్టి మొదటి వారం రాత్రిళ్లు ఆమెను పూర్తిగా నిద్రపోనివ్వు. ఆ తర్వాత కూడా, కునుకు వస్తోందనిపించగానే బాబును తొట్టిలో పడుకోబెట్టమని, లేదా నిన్ను లేపమని చెప్పు.

ఇక నోరు. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఇంకేమీ వద్దు. డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు వేరే సంగతి. తేనె నాకించడం, వస అరగదీసి పెట్టడం, గ్రైప్ వాటర్, పంచదార నీళ్లు, ఆముదం, ఏవీ వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి గింజలు పెద్దవాళ్ల పేగుల్లో ఏమీ చేయలేవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలిచి విషం పుట్టిస్తాయి. అప్పుడు మొదట మలబద్ధకం వస్తుంది, తర్వాత ఏడుపు సన్నగిల్లుతుంది, పాలు పీల్చే బలం పోతుంది, మెడ వాలిపోతుంది. వసను తిండి పదార్థాల్లో వాడకూడదని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించింది. మంచినీళ్ల సంగతికి ఆమె ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే ఇక్కడ మే నెల ఎండలో గుక్కెడు నీళ్లు పట్టడం అలవాటు. పసివాడి మూత్రపిండాలు ఎక్కువ నీటిని బయటికి పంపలేవు. రక్తంలో ఉప్పు పలచబడితే ఫిట్స్ వస్తాయి. ఎండ కాస్తే ఇంకోసారి పాలివ్వడమే దానికి మందు.

మూడోది జ్వరం. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది, చూడనీ. కానీ వెచ్చగా అనిపిస్తే థర్మామీటర్ పెట్టాల్సిందే. మూడు నెలల లోపు బిడ్డకు మలద్వారంలో పెట్టి చూసినప్పుడు 100.4 డిగ్రీలు, లేదా అంతకు మించి ఉంటే, బాబు హాయిగా పాలు తాగుతున్నా సరే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మందు వేసి చూద్దాం అనుకోకూడదు.

మందులు తేవద్దని కూడా ఇక్కడే చెప్పు. ఇది నా గట్టి మాట. ఆమె బయల్దేరే ముందు ఏ మెడికల్ షాపుకైనా వెళ్లి జ్వరం చుక్కలు కొంటుంది. ఇక్కడ దొరికే పారాసిటమాల్ చుక్కల మందు సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మీ దగ్గర పిల్లలకు అమ్మేది అయిదు మిల్లీలీటర్లకు 160, అంటే ఒక మిల్లీలీటరుకు 32. రేపు బాబు కొంచెం పెద్దయ్యాక మీ డాక్టర్ రెండున్నర మిల్లీలీటర్లు వేయమంటే అది 80 మిల్లీగ్రాములు. అదే కొలత ఈ సీసాలోంచి వేస్తే 250 అవుతుంది. మూడింతలకు పైగా మందు, కాలేయానికి దెబ్బ. సీసాలు రెండూ ఒకే అలమారలో ఉంటే, అర్ధరాత్రి ఎవరైనా పొరబడతారు.

నేనైతే మొదలు ఇలా రాస్తాను, నీ మాటల్లోకి మార్చుకో:

“అత్తమ్మా, మీరు వస్తున్నారని రోజులు లెక్కబెట్టుకుంటున్నాను. బాబు స్నానం, మర్దన మీ చేతుల మీదుగానే జరగాలి, నాకూ నేర్పండి. మా డాక్టర్ మూడు విషయాలు గట్టిగా చెప్పారు. వాటిని మీరు కూడా నాతో పాటు పట్టించుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఏదైనా ఎందుకని అనిపిస్తే నన్నే అడగండి. లేకపోతే ఇద్దరం కలిసి డాక్టర్‌ను అడుగుదాం.”

దీని కింద నిద్ర గురించి ఒక మెసేజ్, నోరు గురించి ఇంకోటి, జ్వరం గురించి మరొకటి, రోజుకొకటి చొప్పున పంపు. అన్నీ ఒకేసారి పంపితే చివరిది చదవరు. చదవడం కన్నా వినడం ఆమెకు సులువైతే, నీ గొంతుతో రికార్డు చేసి పంపు. కారణం లేకుండా ఒక్క ‘వద్దు’ కూడా ఉండకూడదు. ‘పాతకాలం పద్ధతులు’ అన్న మాట ఎక్కడా రాయకు. ఆమె వచ్చాక ఏదైనా మరిచిపోతే, మీ ఆయన ముందు కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా గుర్తుచెయ్.

అన్నిటికన్నా ముందు పంపాల్సిన మెసేజ్ ఒకటి ఉంది. కోరింత దగ్గు పెద్దవాళ్లకు మామూలు దగ్గులానే ఉంటుంది. రెండు నెలల బిడ్డకు అంటుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. బాబుకు ఆ టీకాలు ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి. అందుకని ఆమె టీడ్యాప్ ఇంజెక్షన్ వేయించుకుని రావాలి. బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకుంటేనే అది పనిచేస్తుంది. ఈ రాత్రే ఆమెకు ఫోన్ చెయ్. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటగానే దిల్‌సుఖ్‌నగర్. నేను స్టేషన్ దగ్గర కలిసి, డాక్టర్ దగ్గరికి వెంట వెళ్తానని చెప్పు.

మీ పెద్దమ్మ