వెలుగు పడిన కడ్డీలో రంధ్రాలు ఎంత దూరం వెళ్తాయి?

ఎన్-రకం సిలికాన్ కడ్డీ ఒక చివర మాత్రమే కాంతి పడుతోందనుకుందాం. అక్కడ ఎలక్ట్రాన్-రంధ్ర జంటలు పుడతాయి. ఎలక్ట్రాన్లు ముందే కోకొల్లలు కాబట్టి వాటి పెరుగుదల లెక్కలోకి రాదు. కథంతా మైనారిటీ వాహకాలైన రంధ్రాలదే. అవి చీకటి వైపు విసరణ చెందుతూ, దారిలో ఎలక్ట్రాన్లతో కలిసి అంతరిస్తాయి. అలా అంతరించేలోపు సగటున బతికే కాలమే జీవితకాలం τ.

చీకటి భాగంలో, విద్యుత్ క్షేత్రం నామమాత్రమైతే, అదనపు రంధ్రాల సాంద్రత p′కు సాతత్య సమీకరణం ఇది:

∂p′/∂t = D ∂²p′/∂x² − p′/τ

మొదటి పదం విసరణతో వచ్చి చేరేది, రెండోది పునఃసంయోగంతో పోయేది. స్థిరస్థితిలో ఎడమవైపు సున్నా. అప్పుడు పొడవాటి కడ్డీకి సమాధానం:

p′(x) = p′(0) e^(−x/L), L = √(Dτ)

D = 12 cm²/s, τ = 1 మైక్రోసెకను అయితే L సుమారు 0.0035 సెం.మీ., అంటే 35 మైక్రాన్లు. అక్కడికి 37 శాతం మిగులుతాయి. τ నాలుగు రెట్లయినా L రెట్టింపే అవుతుంది.

కడ్డీ L కన్నా బాగా పొట్టిదై, అవతలి చివర లోహపు ఓమిక్ సంధానం ఉంటే ఈ ఘాతీయ సూత్రం వాడకూడదు. ఆ సంధానం దగ్గర p′ సున్నా అవుతుంది, గ్రాఫ్ దాదాపు సరళరేఖగా దిగుతుంది.