మోచేతి మచ్చ ఫొటో పంపే ముందు వేళ్ల సందులు చూడండి

వజ్రపుకొత్తూరు, కవిటి, మందస వైపు పల్లెల్లో పనిచేసే ఏఎన్ఎంలకూ, ఆశాలకూ, ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడించే సీహెచ్‌వోలకూ ఈ మాటలు. పిల్లాడి మోచెయ్యి ఫొటో ఒక్కటే పంపితే డాక్టరుకు కనిపించేది ఒక నల్లటి గరుకు మచ్చ. అది ఎగ్జిమా కావచ్చు, గజ్జి కావచ్చు, తామర కావచ్చు. తేడా చాలాసార్లు ఆ మచ్చలో ఉండదు, మీరు ఫొటో తీయని చోట ఉంటుంది.

ఒక కేసు ఊహించుకోండి. ఆరేళ్ల బాబు. రెండు మోచేతుల మడతల్లో చర్మం ఎండి, మందంగా, నల్లగా ఉంది. రెండు మోకాళ్ల వెనకా కొంచెం అలాగే ఉంది. ఫొటో చూస్తే ఎగ్జిమాయే. రెండేళ్లు దాటిన పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువగా మడతల్లోనే వస్తుంది, రెండు వైపులా వస్తుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అంచు తెలియదు. చంటిపిల్లల్లో అయితే బుగ్గల మీద, మోచేతుల, మోకాళ్ల బయటి వైపు కనబడుతుంది. పుస్తకాల్లో ఎర్రగా ఉంటుందని రాస్తారు కానీ మన పిల్లల చర్మం మీద అది నల్లగానో బూడిదరంగుగానో కనబడుతుంది. ఎరుపు లేదు కాబట్టి వాపు లేదనుకోకండి.

ఇప్పుడు తల్లిని అడగండి. ఎప్పటి నుంచి? "మూడు వారాలయిందమ్మా. రాత్రయితే ఒకటే గోకుడు, నిద్రనేదు." అంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా? రాలేదు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? చెల్లికి ఉంది, పక్కన పడుకునే నాయనమ్మకీ ఉంది. ఇక్కడితో కథ మారిపోయింది. ఎగ్జిమా నెలలు, ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుంది. అది ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. బాబు అరచేయి తిప్పి వేళ్ల సందులు, మణికట్టు, నడుము చుట్టూ చూస్తే గుండుసూది తలంత పొక్కులు దొరికాయి. ఇది గజ్జి. గోకి గోకి మోచేతి మడతలో చర్మం ఎగ్జిమాలా తయారైంది. ఎగ్జిమా ఉన్న పిల్లాడికి గజ్జి కూడా అంటుకోవచ్చు, అదీ గుర్తుంచుకోవాలి.

ఆ మోచేతి ఫొటో ఒక్కటే వెళ్లి ఉంటే స్టెరాయిడ్ క్రీము రాసేవారు. దురద కొన్నాళ్లు తగ్గేది, పురుగు మాత్రం ఇంటిల్లిపాదికీ పాకేది. గజ్జికి సాధారణంగా డాక్టర్లు 5 శాతం పెర్మెత్రిన్ రాస్తారు. మెడ నుంచి పాదాల దాకా, వేళ్ల సందులూ గోళ్ల కిందా వదలకుండా రాత్రి పూసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారం తర్వాత మళ్లీ పూయాలి. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. రెండు నెలల లోపు పసికందుకు, గర్భిణికి డాక్టరు చెప్పిందే చేయాలి. మందు పనిచేసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. ఈ సంగతి తల్లికి ముందే చెప్పకపోతే మందు పనిచేయలేదని మానేసి ఇంకో క్రీము కొంటుంది.

తామర ఫొటోలో సులువుగానే తెలుస్తుంది: గుండ్రటి మచ్చ, పొట్టు లేచిన ఉబ్బెత్తు అంచు, మధ్యలో కాస్త మానిన చర్మం, ఎక్కువగా ఒకవైపే. కష్టమల్లా మందుల షాపులో ఇచ్చే క్లోబెటసాల్ కలిసిన క్రీము పూశాక వస్తుంది. అంచు చెరిగిపోతుంది, వలయంలో వలయం వస్తుంది, మచ్చ ఎగ్జిమాలా కనిపిస్తుంది. అందుకే ఏం పూశారో అడిగి ఊరుకోకండి, ట్యూబు తెమ్మని దాని పేరున్న వైపు కూడా ఫొటో తీయండి. అలాంటి మచ్చను ఫొటోతో తేల్చలేం. పొట్టు గీకి మైక్రోస్కోపులో చూడాలి.

ఫొటో తీసే ముందు కొబ్బరినూనె తుడవండి, మెరుపులో పొట్టు కనబడదు. వీధరుగు మీద, ఎండ నేరుగా పడని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, బ్యూటీ ఫిల్టరు తీసేసి తియ్యండి. రెండు మోచేతులూ కలిపి ఒకటి, మచ్చ దగ్గరగా పక్కన స్కేలు పెట్టి ఒకటి, వేళ్ల సందులు కనిపించేలా చేతులది ఒకటి. ముఖం మీద మచ్చ లేకపోతే ముఖం వద్దు. మర్మాంగాల దగ్గర పొక్కులుంటే ఫొటో తీయకుండా మాటల్లో రాయండి. తల్లి ఒప్పుకున్నాకే తియ్యండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తల్లులు మూడింటినీ గజ్జి అనే అంటారు కాబట్టి, వివరంలో జబ్బు పేరు బదులు చోటు, అంచు, ఎన్నాళ్లు, ఇంట్లో ఎవరికి అన్నవి రాయండి.

చీము, తేనెరంగు పక్కు, జ్వరం ఉంటే ఫొటోతో ఆగకుండా పిల్లాడిని అదే రోజు డాక్టరు స్వయంగా చూసేలా పంపండి. చీముపట్టిన గజ్జి తర్వాత ఒక్కోసారి కిడ్నీ వాస్తుంది. ఉద్దానం పెద్దల్లో వచ్చే కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు. పుండ్లు మానుతున్న వారాల్లో ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా టెక్కలి గానీ పలాస గానీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మూత్రపరీక్ష, బీపీ చేయించాలి.