ప్రకటనల ఖర్చుకు కాపలా కాసే ఉద్యోగం

పలాస, కాశీబుగ్గల జీడిపప్పు ఎక్కువగా హోల్‌సేల్‌లోనే పోతుంది. అయితే ప్యాకెట్లు కట్టి, వెబ్‌సైట్ పెట్టి, నేరుగా హైదరాబాద్, బెంగళూరు ఇళ్లకు కొరియర్ చేసేవాళ్లూ ఉన్నారు. అలా అమ్మాలంటే గూగుల్‌లోనూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ ప్రకటనలు నడపక తప్పదు. ఆ ప్రకటనల డబ్బు అనుకున్న వేగంతో ఖర్చవుతోందా, ముందే అయిపోయేలా ఉందా అని రోజూ చూసే మనిషి ఒకరు కావాలి. ఈ పనిని ఏజెన్సీల్లో బడ్జెట్ పేసింగ్ అంటారు. పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్, యాడ్ ఆపరేషన్స్ అనే పేర్లతో వచ్చే ఉద్యోగాల్లో ఇది భాగం. టెక్కలిలో బీకాం చదివిన అమ్మాయికైనా, ఇంజినీరింగ్ చేసి ఖాళీగా ఉన్న అబ్బాయికైనా ఇది అందే పనే. లెక్క తప్పకుండా రాయగలగాలి, స్ప్రెడ్‌షీట్ బాగా రావాలి, కొంచెం జావాస్క్రిప్ట్ తెలియాలి.

పని ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఖాతాతో చూద్దాం. కాశీబుగ్గలో జీడిపప్పు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి 2025 అక్టోబరుకు ప్రకటనల కోసం 3 లక్షలు పెట్టాడనుకోండి. ఆ ఏడాది దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. మిఠాయిలకూ కానుకల ప్యాకెట్లకూ గిరాకీ దీపావళికి ముందు రెండు వారాలే. కొరియర్ చేరడానికి పట్టే రోజులు తీసేస్తే 18 తర్వాత పండగ ఆర్డర్లకు ప్రకటన వేసి లాభం లేదు. కాబట్టి ప్రణాళిక ఇలా కుదిరింది: 1 నుంచి 5 దాకా రోజుకు 8 వేలు, 6 నుంచి 18 దాకా రోజుకు 15 వేలు, 19 నుంచి నెలాఖరు దాకా రోజుకు 5 వేలు. మొత్తం కలిపితే సరిగ్గా 3 లక్షలు.

కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తడబడతారు. 3 లక్షలను 31తో భాగించి, రోజుకు 9,677 రూపాయలు అని పెట్టుకుంటారు. 12వ తేదీ ముగిసేసరికి ఖర్చు 1,47,000 అయిందనుకుందాం. సమానంగా పంచిన లెక్క ప్రకారం అప్పటికి 1,16,000 మాత్రమే కావాలి, అంటే 27 శాతం ఎక్కువ. హెచ్చరిక మోగుతుంది, కంగారుపడి ఎవరో బడ్జెట్ తగ్గిస్తారు, పండగ ముందు వారం అమ్మకాలు పోతాయి. అసలు ప్రణాళికతో పోల్చితే అప్పటికి 1,45,000 కావాలి, అయింది 1,47,000. తేడా ఒకటిన్నర శాతం కూడా లేదు. కనుక హెచ్చరిక రాసే ముందు మొదటి పని, రోజువారీ ప్రణాళికను తేదీకొక వరుసగా షీట్‌లో రాసి, వ్యాపారి చేత ఒప్పించుకోవడం. ఆ సందర్భంలోనే ఇంకో మాట అడగండి: 3 లక్షల్లో జీఎస్టీ ఉందా, లేదా? గూగుల్, మెటా రిపోర్టుల్లో కనిపించే ఖర్చులో పన్ను కలవదు. బిల్లులో 18 శాతం అదనంగా వస్తుంది. పన్నుతో కలిపి 3 లక్షలైతే ప్రకటనలకు మిగిలేది 2,54,000 చిల్లర మాత్రమే.

తరువాత రోజూ ఒక్కో ప్లాట్‌ఫాం ఖర్చును షీట్‌లోకి తేవాలి. మొదట్లో చేత్తో రాసినా తప్పు లేదు. ప్లాన్ ఒక ట్యాబ్‌లో, ఖర్చు ఇంకో ట్యాబ్‌లో ఉంటే నిన్నటి దాకా వేగం ఎంతో ఈ ఒక్క ఫార్ములా చెబుతుంది:

```
=SUMIFS(Spend!C:C, Spend!A:A, "<"&TODAY()) / SUMIFS(Plan!B:B, Plan!A:A, "<"&TODAY())
```

నెలకొక షీట్ ఉండాలి, ఎ కాలమ్‌లో తేదీలు నిజమైన తేదీలుగా ఉండాలి. జవాబు 1 వస్తే సరిగ్గా నడుస్తున్నట్టు, 1.10 వస్తే 10 శాతం ముందున్నట్టు. ఇది చేతికి వచ్చాక గూగుల్ యాడ్స్ స్క్రిప్టులు నేర్చుకోండి. అవి జావాస్క్రిప్ట్‌లో రాసేవి, గంటకోసారి వాటంతట అవే నడిచేలా పెట్టుకోవచ్చు, షీట్‌లో రాస్తాయి, ఈమెయిలూ పంపుతాయి. మెటా ఖర్చును దాని మార్కెటింగ్ ఏపీఐ నుంచి `spend` అనే ఫీల్డుగా తీసుకోవచ్చు. ఇక్కడో జాగ్రత్త ఉంది. గూగుల్ యాడ్స్ ఏపీఐ ఖర్చును `cost_micros`లో ఇస్తుంది, పది లక్షలతో భాగిస్తేనే అది రూపాయలవుతుంది. మెటా నేరుగా రూపాయల్లోనే ఇస్తుంది. ఈ రెండింటినీ చూసుకోకుండా కూడితే వచ్చే అంకె నవ్వు తెప్పిస్తుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. దొరకనిది టైమ్‌జోన్ తప్పు. ఖాతా తెరిచినవాళ్లు అమెరికా పసిఫిక్ సమయం పెట్టి ఉంటే ఆ ఖాతాకు కొత్త రోజు మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలవుతుంది. గూగుల్ ఖాతా భారత సమయంలో, మెటా ఖాతా పసిఫిక్ సమయంలో ఉంటే 'ఈరోజు' అనే మాటకు రెండు అర్థాలు వచ్చి కూర్చుంటాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక్క నిష్పత్తి చాలదు, రెండు కావాలి. ఎందుకో మన ఖాతాలోనే చూడండి. 12వ తేదీ రాత్రి ఎవరో మెటా రోజువారీ బడ్జెట్ సరిచూస్తూ 7,000 బదులు 70,000 కొట్టారు. ఒక్క సున్నా. 13వ తేదీ ఉదయం 11 గంటలకు గూగుల్ 2,500, మెటా 14,000 ఖర్చు చేశాయి, వెరసి 16,500. ఉదయం 11 దాకా రోజు ఖర్చులో మామూలుగా 30 శాతం అవుతుందని పాత రోజుల లెక్క చెబుతోందనుకుంటే, అప్పటికి 4,500 కావాలి. నెల మొత్తం నిష్పత్తి చూస్తే, కావలసింది 1,49,500, అయింది 1,63,500, అంటే 1.09. హెచ్చరిక గీత 1.10 దగ్గర పెట్టి ఉంటే మోగనే మోగదు. అదే ఆ రోజు నిష్పత్తి 3.67. నెల లెక్కలో పన్నెండు మంచి రోజుల వెనుక ఆ సున్నా దాక్కుంది. రాత్రి దాకా ఎవరూ చూడకపోతే మిగిలిన 1,53,000లో సుమారు సగం ఆ ఒక్క రోజే పోవచ్చు.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 6వ తేదీ నుంచి రోజుకు 15 వేల బదులు 18 వేలు అవుతోందనుకోండి. రోజు నిష్పత్తి 1.2 మాత్రమే, పండగ రోజుల్లో అంత హెచ్చుతగ్గులు సహజమని దాన్ని వదిలేస్తాం. కానీ 8వ తేదీ ముగిసేసరికి 85 వేలు కావలసిన చోట 94 వేలు అవుతుంది, నెల నిష్పత్తి 1.10 దాటుతుంది. నెమ్మదిగా జరిగే జారుడును నెల లెక్క పడుతుంది, ఒక్కసారిగా పడే దెబ్బను రోజు లెక్క పడుతుంది.

గీత ఎక్కడ గీయాలన్నది అనుభవంతో వచ్చేదే అయినా, ప్లాట్‌ఫాంల నియమాలు తెలియకుండా గీయకూడదు. రోజువారీ బడ్జెట్ అంటే ఆ రోజు దాటని హద్దు అనుకుంటారు చాలామంది. కాదు. గూగుల్ ఒక రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు చేయగలదు, నెలకు మాత్రం 30.4 రెట్లు మించి వసూలు చేయదు. మెటా ఒక రోజు 75 శాతం దాకా ఎక్కువ పోగలదు, వారానికి ఏడు రెట్లకు లోబడి ఉంటుంది. మన వ్యాపారికి గూగుల్‌లో 8 వేలు, మెటాలో 7 వేలు ఉంటే ఒక్క రోజు ఖర్చు 28,250 దాకా పోయినా అది తప్పు కాదు, నియమమే. అందుకే రోజు నిష్పత్తి 1.5 దాటితే 'ఒకసారి చూడండి' అనీ, 2 దాటితే 'వెంటనే చూడండి' అనీ పెడతాను. ఈ నియమాలు మారుతుంటాయి, పెట్టే ముందు వాళ్ల సహాయ పేజీలు చదవండి. మరొక సంగతి, నెల మధ్యలో గూగుల్ బడ్జెట్ మారిస్తే ఆ 30.4 లెక్క అక్కడితో చెల్లదు. అప్పటిదాకా అయిన ఖర్చుకు, కొత్త బడ్జెట్‌ను మిగిలిన రోజులతో గుణించి కలుపుతారు. మాటిమాటికీ బడ్జెట్ మార్చేవాళ్లకు గూగుల్ నెల హద్దు కాపలా కాస్తుందన్న ధీమా పనికిరాదు.

నెల మొదటి రెండు రోజులు నిష్పత్తిని నమ్మకండి. 8 వేల ప్రణాళిక మీద 2,400 ఎక్కువైతే 1.3 కనబడుతుంది, నెల మొత్తం మీద అది లెక్కలోకి రాదు. నిష్పత్తితో పాటు రూపాయల తేడా కూడా ఫలానా మొత్తం, ఈ ఖాతాకైతే 5 వేలు, దాటినప్పుడే మోగాలని షరతు పెట్టండి. అనవసరంగా మోగే హెచ్చరికను రెండో వారానికల్లా ఎవరూ తెరవరు.

అంతకంటే ప్రమాదం మోగని హెచ్చరిక. మెటా ఏపీఐ టోకెన్ గడువు తీరిపోతే డేటా రావడం ఆగిపోతుంది. షీట్ దాన్ని సున్నాగా చదువుతుంది. ఖర్చు తగ్గినట్టు, వేగం బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది. సున్నా వేరు, ఖాళీ వేరు. ఏ ప్లాట్‌ఫాం నుంచైనా ఆరు గంటలు కొత్త అంకె రాకపోతే దానికి విడిగా ఒక హెచ్చరిక ఉండాలి. డేటా ఆగిపోతే ఎలా తెలుసుకుంటారన్నదే ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న, తడుముకోకుండా చెప్పేవాళ్లు తక్కువ.

హెచ్చరికలో ఏం రాయాలి? 'బడ్జెట్ దాటింది' అని పంపితే చదివినవాడు మళ్లీ నాలుగు చోట్ల వెతకాలి. ఇలా రాయండి: 'ఉదయం 11:00. ఈరోజు ఖర్చు 16,500, కావలసింది 4,500. మెటా ఒక్కటే 14,000. నిన్న రాత్రి మెటా బడ్జెట్ 7,000 నుంచి 70,000కు మారింది. సరిచేయాల్సింది ఖాతా మేనేజర్.' ఎవరు చేయాలో చెప్పని హెచ్చరికను అందరూ చూస్తారు, ఎవరూ కదలరు.

హెచ్చరిక వచ్చీ రాగానే ప్రకటన దానంతట అదే ఆగిపోయేలా పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టవచ్చు, కానీ ఆ గీత చాలా పైన ఉండాలి. జీడి ఫ్యాక్టరీ బాయిలర్‌కు ముల్లు తిరిగే మీటరు వేరు, సేఫ్టీ వాల్వ్ వేరు. ముల్లు కాస్త కదిలినప్పుడల్లా వాల్వ్ తెరుచుకుంటే పిక్కలు ఉడకవు. ఈ ఖాతాకు రోజు నిష్పత్తి 3 దాటితే ఆపమంటాను, అంతకంటే కింద మనిషే నిర్ణయించాలి.

ఈ లెక్కకు తెలియనివి కొన్ని ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటి రోజున కరెంటు ఉండదు, కొరియర్ కదలదు. ప్రకటనల ఖర్చు మాత్రం ప్రణాళిక ప్రకారం నిష్పత్తి 1 దగ్గరే నడుస్తుంది, అందిన ప్రతి ఆర్డరూ తర్వాత ఫిర్యాదు అవుతుంది. అక్టోబరులో ఈ తీరంలో వ్యాపారం చేసేవాళ్ల షీట్‌లో 'ఆర్డర్లు పంపగలమా' అని ఒక కాలమ్ ఉండాలి, అందులో 'లేదు' అని రాయగానే ఆ రోజు ప్రణాళిక సున్నా కావాలి.

నేర్చుకోవడానికి డబ్బు పెట్టనక్కర లేదు. గూగుల్ స్కిల్‌షాప్ కోర్సులు ఉచితం, మెటా బ్లూప్రింట్‌లోనూ ఉచిత పాఠాలున్నాయి. కానీ సర్టిఫికెట్ చూసి ఈ పని ఇచ్చేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. 31 రోజుల ఊహాజనిత ఖర్చుతో ఒక షీట్ కట్టండి. 13వ తేదీన ఒక సున్నా ఎక్కువ పెట్టండి, 21వ తేదీన మెటా డేటా ఖాళీగా వదిలేయండి. మీ హెచ్చరికలు రెండూ మోగితే, ఆ షీట్ లింకును రెజ్యూమె మొదటి లైన్‌లోనే పెట్టి విశాఖ, హైదరాబాద్ ఏజెన్సీలకు పంపండి.