ఫ్రిజ్ అడుగున నీరు నిలవడం – కారణం, సవరణ

మీట నొక్కి మంచు కరిగించే ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో, కూరగాయల డబ్బా కింద తరచుగా నీరు నిలుస్తుంది. కరిగిన మంచు నీరు బయటికి పోయే దారి మూసుకుపోవడమే దీనికి ముఖ్య కారణం.

నీరు పోయే దారి

డీఫ్రాస్ట్ మీట నొక్కగానే శీతలీకరణ ఆగి, ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు కరుగుతుంది. వెలుపలికి నీరు పోయే ఏర్పాటు గల ఫ్రిజ్‌లలో ఆ నీరు వెనుక గోడనున్న సన్నని కాలువలో పడి, రంధ్రం గుండా గొట్టంలోకి దిగి, వెలుపల కంప్రెసర్ వద్దనున్న తొట్టెకు చేరుతుంది. కంప్రెసర్ వేడికి అక్కడ క్రమంగా ఆవిరవుతుంది. కొత్తిమీర ఆకు, కరివేపాకు రెమ్మ, ప్లాస్టిక్ సంచి ముక్క, కాలక్రమాన పేరుకున్న జిగట – వీటిలో ఏది రంధ్రానికి అడ్డుపడినా నీరు కాలువ పొంగి, లోపలి గోడ వెంట అడుగుకు జారుతుంది.

గుర్తించే విధానం

ఒక ఇంట శనివారం రాత్రి మీట నొక్కితే, ఆదివారం ఉదయం డబ్బా కింద నీరు కనిపించిందనుకుందాం. తుడిచిన తరువాత వారమంతా అడుగు పొడిగానే ఉంది. మరల మంచు కరిగించిన రోజున నీరు తిరిగి చేరింది. వెనుక తొట్టె మాత్రం ఎండిపోయి ఉంది. నీరు తొట్టెను చేరడం లేదనుటకు ఇదే నిదర్శనం. తలుపు రబ్బరు వదులైతే గాలిలోని తేమ వలన అరలన్నిటిపై ప్రతిరోజూ చెమ్మ పడుతుంది. తొట్టె పగిలితే నీరు ఫ్రిజ్ లోపల కాక గది నేలపై పారుతుంది.

శుభ్రపరచడం

ముందుగా ప్లగ్గు తీయాలి. అరలు, డబ్బా తొలగించి కాలువలోని చెత్తను చేతితో తీయాలి. సూది లేని ప్లాస్టిక్ సిరంజితో గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా రంధ్రంలోకి పంపాలి. లోపల గడ్డకట్టిన మంచు ఉంటే కరగడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. నీరు వెనుక తొట్టెలో పడితే దారి తెరుచుకున్నట్లే. కత్తి, ఇనుప తీగ వాడరాదు. అవి లోపలి ప్లాస్టిక్ గోడను, గొట్టాన్ని చీల్చగలవు. మరిగే నీరు కూడా పోయరాదు.

మంచు తనంతట తానే కరిగే రెండు తలుపుల ఫ్రిజ్‌లలో ఈ రంధ్రం సాధారణంగా ఫ్రీజర్ వెనుక పలక లోపల ఉంటుంది. దాని చెంతనే విద్యుత్ హీటరు, తీగలు ఉన్నందున ఆ పనిని మెకానిక్‌కు అప్పగించాలి.

వెనుక తొట్టె

దారి తెరుచుకున్నాక నీరు తిరిగి తొట్టెకు చేరుతుంది. అది పూర్తిగా ఆవిరి కాక నిలిచిపోతే డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ అందులో గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలును. కాబట్టి వారానికొకసారి ప్లగ్గు తీసి, తొట్టెలోని నీటిని పారబోసి, అంచులకు అంటిన గుడ్లు పోవునట్లు రుద్ది కడగాలి. తొట్టె ఊడి రానిచో నీటిని గుడ్డతో పీల్చి తుడవాలి.