ఆపరేషన్ రోజు ఉదయం ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి?

"రేపు ఆపరేషన్. రాత్రి పన్నెండు దాటాక ఏమీ తినొద్దు, తాగొద్దు." చాలా చోట్ల రోగికి చెప్పే మాట ఇంతే. బీపీకో షుగరుకో ఏళ్ళ తరబడి మాత్రలు వాడుతున్న మనిషికి ఈ ఒక్క మాట సరిపోదు. పొద్దున వేసుకోవలసిన మాత్రల సంగతేమిటని ఇంట్లో ప్రశ్న పుడుతుంది. అడగడానికి ఆ వేళలో ఎవరూ ఉండరు. దాంతో కొందరు "ఏమీ వద్దన్నారు కదా" అని అన్నీ మానేస్తారు. మరికొందరు "మాత్ర ఒక్క రోజు కూడా మానొద్దని మన డాక్టరు చెప్పాడు" అని అన్నీ మింగేస్తారు. రెండు పద్ధతులూ ప్రమాదకరమైనవే. మత్తు డాక్టరు ఆఖరి నిమిషంలో చూసి ఆపరేషన్ వాయిదా వేస్తే, ఆ కుటుంబం కూలి మానుకుని చేసిన ప్రయాణమూ, దాతలు ఇచ్చిన సొమ్ములో కొంతా వృథా అవుతాయి. వాయిదా పడకుండా జరిగిపోతే ఒక్కోసారి అంతకంటే పెద్ద కష్టమే రావచ్చు.

ముందుగా, కడుపు ఖాళీగా ఎందుకు ఉంచమంటారో తెలుసుకుందాం. మత్తు ఇచ్చినప్పుడు గొంతులోని సహజమైన కాపలా పని చేయదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకు వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అన్నం, రొట్టె, పాలు పోసిన టీ వంటివి ఆపరేషన్‌కు 6 గంటల ముందే ఆపాలి. మాంసం, నూనె ఎక్కువున్న వంటలు తింటే 8 గంటల ఎడం ఉండాలి. పాలు కలిపిన టీ నీళ్ళలాంటిది కాదు, ఆహారంతో సమానం. తెల్లవారుజామున నమాజుకు లేచి అలవాటుగా ఒక కప్పు టీ తాగేవారు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మామూలు మంచినీళ్ళు మాత్రం కడుపులో ఎక్కువసేపు నిలవవు. సాధారణంగా 2 గంటల ముందు వరకు తాగవచ్చు. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారికి కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి డాక్టరు ఇంకా ఎక్కువ సమయం చెప్పవచ్చు.

అంటే మాత్రను గుక్కెడు నీళ్ళతో, సుమారు 30 మిల్లీలీటర్లతో, మింగితే ఆపరేషన్ కోసం చేసే ఉపవాసానికి భంగం లేదు. మన ఇళ్ళలో తికమక ఇక్కడే వస్తుంది. రోజాలో ఒక గుక్క నీళ్ళు తాగినా రోజా పోతుంది. ఆ లెక్కనే ఇక్కడా పట్టుకుని, "గుక్కెడు నీళ్ళు తాగితే ఆపరేషన్ ఆపేస్తారేమో" అని పెద్దవాళ్ళు తప్పనిసరి మాత్ర కూడా వదిలేస్తారు. ఈ రెండు ఉపవాసాలూ వేరు. రమజాన్‌లో ఆపరేషన్ పడితే రోజా వాయిదా వేసుకుని తర్వాత పూర్తి చేసుకోవడానికి రోగికి అనుమతి ఉంది. అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలో ఈ సడలింపు ఉంది. కనుక ఆ రోజు రోజా ఉండి మాత్రలు మానుకోవలసిన పని లేదు.

ఇక మాత్రల సంగతికి వద్దాం. వివరంగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. 62 ఏళ్ళ పెద్దాయనకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్. గురువారం ఉదయం 10 గంటలకు, నడుముకు మత్తు ఇచ్చి చేస్తారు. ఆయన పొద్దున వేసుకునేవి ఇవి: గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ రెండూ కలిసిన బీపీ మాత్ర, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగరు మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగరు మాత్ర, థైరాయిడ్ మాత్ర. రాత్రిపూట ఆస్పిరిన్, అటార్వాస్టాటిన్ కలిసిన గుళిక ఒకటి.

మెటోప్రొలాల్ వేసుకోవాలి. అటెనొలాల్ వంటి అదే జాతి మందులకూ ఇదే వర్తిస్తుంది. వీటిని హఠాత్తుగా ఆపితే గుండె ఒక్కసారిగా పరుగెత్తుతుంది, బీపీ ఎగబాకుతుంది, గుండెజబ్బు ఉన్నవారికి ఛాతీ నొప్పి రావచ్చు. ఆపరేషన్ భయం, నొప్పి ఎలాగూ గుండెను పరుగు పెట్టిస్తాయి. ఆ సమయంలోనే కళ్ళెం వదిలేయడం మంచిది కాదు. మన పెద్దాయన 6 గంటలకు గుక్కెడు నీళ్ళతో దీన్ని వేసుకుంటాడు. థైరాయిడ్ మాత్ర కూడా అప్పుడే వేసుకోవచ్చు. అయితే మరచిపోయినా కంగారు పడనక్కరలేదు. దాని ప్రభావం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది.

టెల్మిసార్టాన్ ఉన్న మాత్రను చాలామంది మత్తు డాక్టర్లు ఆ ఉదయం మానమంటారు. నడుముకు మత్తు ఇస్తే కాళ్ళ వైపు రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. మామూలుగా శరీరం తన సొంత ఏర్పాటుతో దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి ఆ ఏర్పాటునే అడ్డుకుంటాయి. అప్పుడు పడిన బీపీ త్వరగా లేవదు. పైగా హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయించే మందు. రాత్రి నుంచి సరిగా నీళ్ళు తాగని ఒంట్లో ఉన్న నీరు కూడా అది తోడేస్తుంది. "మానితే బీపీ పెరుగుతుంది కదా" అనేది న్యాయమైన సందేహమే. కాస్త పెరగవచ్చు. కానీ 180/110 కి లోపల ఉంటే సాధారణంగా బీపీ కారణంగా మాత్రమే ఆపరేషన్ ఆపరు. ఈ విషయంలో డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. గుండె బలహీనత కోసం ఇదే మందు వాడేవారికి కొనసాగించమనవచ్చు. కాబట్టి ఈ ఒక్క మాత్ర గురించి అడగకుండా సొంతంగా నిర్ణయించుకోవద్దు. దీన్ని రాత్రిపూట వేసుకునేవారు ముందు రాత్రి మోతాదు గురించి కూడా అడగాలి.

మాత్ర పేరు దగ్గర మరో చిక్కు ఉంది. మన దగ్గర రెండేసి, మూడేసి మందులు కలిపిన మాత్రలు విపరీతంగా వాడతారు. టెల్మిసార్టాన్, మెటోప్రొలాల్ ఒకే మాత్రలో ఉన్నవీ దొరుకుతాయి. అందులో ఒకటి వేసుకోవలసినది, మరొకటి ఆపవలసినది. అలాంటి మాత్రను సగానికి విరిస్తే ఒక మందు ఇటు, ఒకటి అటు రాదు. సగం ముక్కలో రెండూ సగం సగం ఉంటాయి. పైగా మెల్లగా కరిగేలా చేసిన మాత్రను విరవడం, నలపడం వల్ల మోతాదు తారుమారవుతుంది. ఇలాంటివి వాడేవారు వారం ముందే డాక్టరుకు చెప్పి, ఆ ఒక్క రోజుకు మెటోప్రొలాల్ విడి మాత్ర రాయించుకోవాలి. స్ట్రిప్ మీద బ్రాండు పేరుతో పాటు మందుల అసలు పేర్లూ అచ్చు వేసి ఉంటాయి. చూడవలసినవి ఆ పేర్లే.

గ్లిమెపిరైడ్ కలిసిన షుగరు మాత్రను మానాలి. తిన్నా తినకపోయినా ఇది క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఖాళీ కడుపున చక్కెర 70 కంటే కిందికి పోతే చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడి, మాట తడబడుతుంది. మత్తులో ఉన్న మనిషిలో ఈ గుర్తులేవీ కనిపించవు. అందుకే ఇది భయపెట్టేది. ఇంట్లో ఉండగానే ఈ గుర్తులు కనిపిస్తే ఉపవాసం అని ఓర్చుకోకూడదు. గ్లూకోజు కలిపిన తేట నీళ్ళు తాగించి, ఎన్ని గంటలకు ఎంత తాగించారో ఆసుపత్రిలో చెప్పాలి. ఆపరేషన్ కాసేపు ఆలస్యమైనా ఫరవాలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ఇలా పడిపోదు గానీ, తినని ఉదయం దాన్నీ సాధారణంగా మానమంటారు. ఇన్సులిన్ లెక్క వేరు. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ తినని పూట వద్దు. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను మాత్రం పూర్తిగా ఆపరు, కొంత తగ్గించి ఇస్తారు. ఎంత తగ్గించాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ విషయం ఆ ఉదయం తేల్చుకునేది కాదు. వీటిని కనీసం 3 రోజుల ముందే ఆపాలి. గురువారం ఆపరేషన్ అయితే ఆదివారం వేసుకున్నదే ఆఖరుది. ఇవి మూత్రంలోకి చక్కెరను పంపేస్తాయి. తిండి లేని ఒంటిలో కొవ్వు కరిగి రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. మోసం ఏమిటంటే, అప్పుడు గ్లూకోమీటరులో చక్కెర అంత ఎక్కువ చూపించకపోవచ్చు. వికారం, వాంతులు, కడుపు నొప్పి, లోతుగా వేగంగా శ్వాస తీయడం దీని గుర్తులు. గ్యాస్ అనుకుని వదిలేసే గుర్తులే ఇవన్నీ. పొరపాటున బుధవారం కూడా వేసుకుని ఉంటే దాచవద్దు. చెబితే కీటోన్ పరీక్ష చేసి, ఆపరేషన్ చేయాలో వాయిదా వేయాలో నిర్ణయిస్తారు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులూ ముందుగా తేల్చుకోవలసినవే. వార్ఫరిన్ ఆపాలంటే మామూలుగా 5 రోజుల ముందు ఆపి రక్తపరీక్ష చేస్తారు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు మాత్రం గుండె డాక్టరును అడగకుండా ఈ మందులు ఒక్కటీ ఆపకూడదు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది. హెర్నియా కోసం వెళ్ళి అది తెచ్చుకున్నట్టవుతుంది. మన పెద్దాయనకు స్టెంట్ లేదు, గుండెపోటు రాలేదు. కాబట్టి సర్జన్ ఆస్పిరిన్ ఆపమనవచ్చు. కానీ ఆ గుళికలోనే ఉన్న అటార్వాస్టాటిన్ ఆపకూడదు. మళ్ళీ విడి మాత్రే రాయించుకోవాలి.

ఆయన జాబితాలో లేనివి మరి మూడు చెప్పాలి. మూర్ఛ మాత్ర ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ నెలల తరబడి వాడుతున్నవారు మానితే ఆపరేషన్ ఒత్తిడికి శరీరం తట్టుకోలేక బీపీ కుప్పకూలవచ్చు. ఆస్తమా ఇన్‌హేలర్ ఉదయం పీల్చుకుని, దాన్ని ఆసుపత్రికి వెంట తెచ్చుకోవాలి.

ఇన్ని పేర్లు ఎవరికీ నోటికి రావు, రావలసిన పని కూడా లేదు. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, యునానీ, ఆయుర్వేదం మందులతో సహా, ఒక సంచిలో వేసుకుని మత్తు డాక్టరు ముందు పెట్టండి. ఒక్కో మందు పేరు ఎదురుగా "వేసుకో", "మాను", "ఫలానా రోజు నుంచి మాను" అని రాయించుకోండి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అదే కాగితం మీద రాయించుకోండి. షుగరు మాత్రలు సరిగా తినడం మొదలయ్యాకే, ఆపిన బీపీ మాత్ర బీపీ చూసుకున్నాకే మొదలవుతాయి. ఆపినవి మళ్ళీ మొదలుపెట్టడం మరచిపోయి, నెల తర్వాత బీపీ పెరిగి వచ్చేవారు కూడా ఉంటారు.