దూరాన చదువుతున్న మనవడికి పుట్టినరోజు సందేశం



మన కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళలో కొన్నిటికి ఈ రోజుల్లో ఒక మనవడో మనవరాలో విదేశంలో ఉన్నారు. ఆ బిడ్డ ఫోన్ చేయడం అరుదు. పుట్టినరోజు దగ్గరకు వస్తుంది. అవ్వ, తాత కలిసి ఏమి పంపాలి? ప్రేమ పంపాలని అందరికీ తెలుసు. అయితే ప్రేమతో మొదలుపెట్టిన సందేశం మధ్యలోనే నిష్ఠూరంగా మారిపోతూ ఉంటుంది. ఆ మార్పు ఏ మాట దగ్గర జరుగుతుందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1. ఒక ఉదాహరణ

కోయంబత్తూరు మనవడు ఒకడు ఇంగ్లాండులోని మాంచెస్టరులో ఎమ్మెస్సీ చదువుతున్నాడని అనుకుందాం. నవంబరులో అతనికి 23 ఏళ్ళు నిండుతాయి. ఇంటివారు ఇలా వ్రాశారు:

“కన్నా, పుట్టినరోజు శుభాకాంక్షలు. నీకు తీరిక ఉండదని మాకు తెలుసులే. ఈ రోజైనా ఒక్కసారి ఫోన్ చేస్తావని అవ్వ పొద్దుటినుంచి ఎదురు చూస్తోంది. మాకేముంది, ఇంకా ఎన్ని పుట్టినరోజులు చూస్తామో. రోజూ కన్నీళ్ళతో నీ కొరకు ప్రార్థన చేస్తున్నాం. జవాబు వ్రాయకపోయినా పరవాలేదు.”

ఇందులో ఒక్క తిట్టు లేదు. అయినా చదివిన పిల్లవాడికి గుండె బరువెక్కుతుంది. ఎందుకో ఒక్కొక్క మాటగా చూద్దాం.

“తెలుసు” అంటే తెలుసు. “తెలుసులే” అంటే నమ్మలేదని అర్థం. చివరనున్న ఆ ఒక్క అక్షరమే మాటను తిప్పివేసింది. “ఈ రోజు” అంటే ఈ రోజు మాత్రమే. “ఈ రోజైనా” అంటే మిగిలిన రోజులన్నీ లెక్కలో ఉన్నాయని. “కనీసం”, “ఒక్కసారైనా”, “ఇప్పటికైనా” కూడా ఇదే జాతి. మన భాషలో నిష్ఠూరం ఎక్కువగా ఇటువంటి చిన్న ముక్కల్లోనే దాగి ఉంటుంది. కాబట్టి వ్రాసినది దిద్దేటప్పుడు ముందుగా వీటినే వెదకాలి.

“ఎన్ని పుట్టినరోజులు చూస్తామో” అన్నది వయసు మాట. అది నిజమే కావచ్చు. కాని పిల్లవాడి పండుగ రోజున ఆ మాట అతని చేతిలో మన మరణాన్ని పెడుతుంది. “కన్నీళ్ళతో ప్రార్థన” అనేది మన సంఘస్థులు ప్రత్యేకంగా గమనించవలసినది. ప్రార్థన బిడ్డ కొరకు చేసేది. కన్నీళ్ళు చేర్చి వినిపించినప్పుడు అది బిడ్డ మీద చేసిన ఫిర్యాదులా వినబడుతుంది. “నీ కొరకు ప్రార్థించాం” అని ఊరుకుంటే చాలు.

చివరి వాక్యం మంచిదిగా కనబడుతుంది. అయితే జవాబు మాట ఎత్తగానే జవాబు గురించి ఆలోచిస్తున్నామని తేలిపోతుంది. జవాబు అక్కరలేదనుకుంటే, ఆ ప్రస్తావనే వదిలివేయడం మేలు.

2. ఫోన్ ఎందుకు ఆగిపోతుంది

ఒక వారం ఫోన్ చేయని పిల్లవాడు రెండో వారం సులువుగానే చేస్తాడు. రెండు నెలలు గడిస్తే, చేయగానే ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ సంజాయిషీ భయంతో ఇంకో వారం వాయిదా వేస్తాడు. ఆలస్యం పెరిగే కొద్దీ ఫోన్ బరువెక్కుతుంది. ప్రేమ తగ్గి కాదు. నిష్ఠూరపు సందేశం ఆ బరువును ఇంకా పెంచుతుంది. ఏ బాకీ గుర్తుచేయని సందేశం దాన్ని దించుతుంది.

అందుకే అతను ఫోన్ చేసిన రోజున మన మొదటి మాట ముఖ్యం. “ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా” అంటే, ఫోన్ చేసినందుకే జరిమానా వేసినట్టు. “నీ గొంతు వింటుంటే బాగుంది కన్నా, ఏమి తిన్నావు?” అంటే తరువాతి ఫోన్‌కు దారి తెరిచినట్టు.

3. తిరిగి వ్రాసిన సందేశం

“కన్నా, అవ్వను, తాతను మాట్లాడుతున్నాం. ఈ రోజుతో నీకు ఇరవైమూడు నిండాయి. నువ్వు పుట్టిన రోజు ఊళ్ళో ఒకటే వాన. తాత తడిసిపోయి ఆసుపత్రికి వస్తే, నర్సమ్మ ముందు తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి, ఆ తరువాతే నిన్ను చేతికిచ్చింది. నువ్వు నాటిన మునగచెట్టు మేడ ఎత్తు దాటింది. నిన్న దాని కాయలతోనే సాంబారు పెట్టాం. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి, ఒక్క మర కూడా మిగలకుండా బిగించావు. ఆ ఓపిక ఇప్పుడు నీ చదువులో ఉందని మాకు సంతోషం. దేవుడు నిన్ను చల్లగా కాపాడును గాక. ఈ రోజు నీకిష్టమైనది కడుపునిండా తిను.”

ఇందులో నాలుగే పనులు ఉన్నాయి: అతని పుట్టుకను గూర్చిన ఒక జ్ఞాపకం, అతనికి సంబంధించిన ఒక ఇంటి కబురు, అతనిలో మనం నిజంగా చూచిన ఒక గుణం, ఒక దీవెన. ప్రశ్న లేదు. గుణం చెప్పేటప్పుడు “మంచి పిల్లవాడివి” అని ఊరికే అనకుండా, గడియారం వంటి గుర్తు చూపాలి. అప్పుడు తన్ను చూచినవారు ఉన్నారని బిడ్డకు తెలుస్తుంది.

4. పంపే విధానం

మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, బడిలో చదివినది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలలో పంపితే చదవలేక పక్కన పెట్టవచ్చు. కాబట్టి వాట్సాప్‌లో గొంతుతో పంపడం మంచిది. ఒక నిమిషం చాలు. మనం ఇంట్లో మాట్లాడే తమిళం కలిసిన తెలుగే మాట్లాడండి. పంపకముందు ఒకసారి వినండి. మాటల్లో లేని నిష్ఠూరం నిట్టూర్పులో దూరుతుంది.

నవంబరులో మాంచెస్టరు మనకన్నా అయిదున్నర గంటలు వెనుక. మనం ఉదయం 7 గంటలకు పంపితే అక్కడ రాత్రి 1.30. మధ్యాహ్నం 12.30కు పంపితే, అతను లేచే వేళ ఉదయం 7 అవుతుంది. వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు గనుక 11.30కే పంపాలి. పంపాక నీలం గీతలు పడ్డాయా అని చూస్తూ కూర్చోవద్దు. అవి సందేశం తెరిచాడని మాత్రమే చెబుతాయి. అప్పుడు క్లాసులో ఉన్నాడో, ఖర్చుల కోసం చేసే పనిలో ఉన్నాడో చెప్పవు.

5. ఈ పద్ధతి చాలని సందర్భాలు

మనకు మాట్లాడాలని ఉంటే దాచనక్కరలేదు. అయితే అది పుట్టినరోజు నాడు కాదు. కొన్ని రోజులాగి, “వచ్చే ఆదివారం మన రాత్రి 8 గంటలకు పది నిమిషాలు వీలవుతుందా?” అని సూటిగా అడగండి. సూటిగా అడిగినది నిష్ఠూరం కాదు; వీలుకాదని చెప్పే స్వేచ్ఛ అందులో ఉంది. ఇంట్లో ఆపరేషను వంటి నిజమైన సంగతి ఉంటే, అది కూడా వేరుగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

తక్కువగా మాట్లాడడం వేరు, మాయమవడం వేరు. తల్లిదండ్రులకు, స్నేహితులకు కూడా జవాబు లేకపోయినా, చదువు మానినట్టు తెలిసినా, మాటల్లో బతుకు మీద విసుగు వినబడినా, అక్కడ సందేశపు సొగసు పనిచేయదు. అప్పుడు “నువ్వు క్షేమంగా ఉన్నావా?” అని వెంటనే అడిగి, అక్కడున్న తెలిసినవారి ద్వారా కనుక్కోవాలి.

అభ్యాసము

మీ మనవడికో మనవరాలికో చివరిసారి పంపిన సందేశాన్ని తీసి చూడండి. “లే”, “ఐనా”, “కనీసం” ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. వాటిని తీసివేసి మళ్ళీ చదవండి. మిగిలినదానిలో ఆ బిడ్డ ఒక్కడికే చెందిన జ్ఞాపకం లేకపోతే, ఒకటి చేర్చండి.