పేరాలో దాక్కున్న "ఎవరు?": స్పెసిఫికేషన్ నుంచి యూజర్ స్టోరీల దాకా

ప్రాజెక్టు మొదలైనప్పుడు మన చేతికి వచ్చేది సాధారణంగా ఒక పేరా. క్లయింటు తనకి తోచినట్టు రాసి ఇస్తాడు. చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. కోడ్ రాయడానికి కూర్చున్నాక గానీ అందులో ఏమేం లేవో తెలియదు. ఆ లేనివాటిని ముందే బయటికి లాగడానికి ఒక పద్ధతి ఉంది. పేరాని ఒకే అచ్చులో ఉండే యూజర్ స్టోరీలుగా, ప్రతి స్టోరీకి ఒకే అచ్చులో ఉండే యాక్సెప్టెన్స్ క్రైటీరియాగా మార్చడం. అచ్చు ఒకటే కాబట్టి ఎక్కడ ఖాళీ ఉందో కంటికి ఇట్టే కనిపిస్తుంది.

మన తీరంలోనే ఒక ఉదాహరణ తీసుకుందాం. 2018 అక్టోబరు 8న బంగాళాఖాతంలో వాయుగుండంగా మొదలైన తిత్లీ, 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. మొత్తం మూడు రోజుల వ్యవధి. ఇలాంటప్పుడు బారువ మత్స్యకారులకి పనికొచ్చే హెచ్చరికల యాప్ కట్టాలని ఎవరో అడిగారనుకోండి. వాళ్ళు ఇచ్చిన పేరా ఇదీ (అభ్యాసం కోసం నేనే రాశాను):

"(1) తుఫాను సమయంలో వాతావరణ శాఖ హెచ్చరికలు మత్స్యకారులకు వెంటనే చేరాలి. (2) హెచ్చరిక తీవ్రతను బట్టి సందేశం మారాలి. (3) సముద్రంలో ఉన్నవారి వివరాలు గ్రామ సచివాలయంలో కనిపించాలి. (4) అనవసర సందేశాలతో జనాన్ని విసిగించకూడదు. (5) వ్యవస్థ నమ్మకంగా ఉండాలి."

వాక్యాలకి నంబర్లు వేయడమే మొదటి పని. చివర్లో ఇవి కావాలి.

చేసేవాడు ఎవరు?

తెలుగులో స్పెసిఫికేషన్ రాస్తే ఒక చిక్కుంది. "చేరాలి", "మారాలి", "కనిపించాలి" అంటే వాక్యం హాయిగా పూర్తయిపోతుంది. ఎవరు చేర్చాలి, ఎవరికి కనిపించాలి, చూసినవాళ్ళు ఏం చెయ్యాలి అన్నవి చెప్పకపోయినా వ్యాకరణం ఊరుకుంటుంది. యూజర్ స్టోరీ అచ్చు ఊరుకోదు. 2001 ప్రాంతంలో ఇంగ్లండులోని కనెక్స్‌ట్రా అనే కంపెనీ టీమ్ వాడుకలోకి తెచ్చిన ఆ అచ్చుని తెలుగులో ఇలా పెట్టుకోవచ్చు:

ఒక ______గా, నాకు ______ కావాలి, ఎందుకంటే ______.

మొదటి వాక్యాన్ని ఇందులో పోసి చూడండి. "ఒక మత్స్యకారుడిగా, నాకు హెచ్చరిక వెంటనే కావాలి, ఎందుకంటే..." మూడో ఖాళీ దగ్గర ఆగిపోతాం. ఇంకా బోటు దించని వాడికి హెచ్చరిక ఎందుకు? వేటకి వెళ్ళాలా మానాలా అని తేల్చుకోడానికి. సముద్రంలో ఉన్నవాడికి ఎందుకు? తిరిగి రావడానికి. కారణాలు రెండు. అంటే "మత్స్యకారులు" అనే ఒక్క మాట వెనక ఇద్దరు వేర్వేరు మనుషులున్నారు. స్టోరీలూ రెండు కావాలి:

స్టోరీ అ: ఒడ్డున ఉన్న బోటు యజమానిగా, మా తీరానికి హెచ్చరిక స్థాయి మారిన సంగతి నా ఫోనుకి రావాలి, ఎందుకంటే బోటు దించాలా వద్దా తేల్చుకోవాలి.

స్టోరీ ఆ: సచివాలయ ఉద్యోగిగా, సముద్రంలో ఉన్న ఏ బోటుకి సందేశం చేరలేదో నాకు తెలియాలి, ఎందుకంటే వాళ్ళకి వేరే దారిలో కబురు పంపాలి.

రెండోది సముద్రంలో ఉన్నవాడి తరఫున కాకుండా ఉద్యోగి తరఫున ఎందుకు రాశాం? తీరం నుంచి కొంత దూరం పోయాక ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్కడున్న మనిషికి ఎస్సెమ్మెస్ పంపుతామని స్టోరీ రాసుకుంటే టెస్టులో పాస్ అవుతుంది, సముద్రంలో ఫెయిల్ అవుతుంది. అవసరం అతనిదే. కానీ యాప్ చేయగలిగిన సాయం ఒడ్డున ఉన్నవాళ్ళ ద్వారానే.

ఇంకో మాట. స్టోరీలని "డేటాబేస్ స్టోరీ", "స్క్రీన్ స్టోరీ" అని విడగొట్టకండి. ఒక్కో స్టోరీ పూర్తయితే ఒక మనిషికి ఒక పని జరగాలి. టేబుల్ మాత్రమే తయారైతే బోటు యజమానికి ఒరిగేదేమీ లేదు.

"వెంటనే" అంటే ఎంత?

ఇప్పుడు స్టోరీ అ కి యాక్సెప్టెన్స్ క్రైటీరియా. ఇక్కడ అచ్చు మూడు ముక్కలది. ముందున్న స్థితి, జరిగిన సంఘటన, కనిపించాల్సిన ఫలితం. ఇంగ్లీషులో గివెన్, వెన్, దెన్ అంటారు. డాన్ నార్త్ బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్ పేరుతో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

రాసే ముందు విషయం తెలియాలి. భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు నాలుగు దశల్లో ఇస్తుంది. మొదటిది దాదాపు 72 గంటల ముందు, అది ప్రధానంగా ఉన్నతాధికారులకి. తర్వాత 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు ఎరుపు. తుఫాను బలపడ్డాక బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తుంటాయి.

దీన్నిబట్టి రెండో వాక్యంలోని "తీవ్రత" అంటే ఏమిటో తేలింది, రంగు. నాలుగో వాక్యంలోని "అనవసర" కూడా తేలింది. బులెటిన్ వచ్చిన ప్రతిసారీ ఎస్సెమ్మెస్ కొడితే రోజుకి ఎనిమిది. రెండో రోజుకి ఎవరూ తెరిచి చూడరు. కాబట్టి బులెటిన్ వచ్చినప్పుడు కాదు, స్థాయి మారినప్పుడే పంపాలి.

కుకుంబర్ అనే టెస్టింగ్ టూల్ ఈ అచ్చుని తెలుగు కీవర్డ్స్‌తో కూడా చదువుతుంది:

```gherkin
# language: te
గుణము: తుఫాను హెచ్చరిక సందేశం

  సన్నివేశం: స్థాయి పెరిగింది
    చెప్పబడినది బారువ తీరానికి పసుపు అమల్లో ఉంది
    మరియు యజమాని ఫోను నంబరు నమోదై ఉంది
    ఈ పరిస్థితిలో కొత్త బులెటిన్ నారింజ ప్రకటించింది
    అప్పుడు 5 నిమిషాల లోపు ఆ నంబరుకి నారింజ సందేశం వెళ్ళాలి

  సన్నివేశం: స్థాయి మారలేదు
    చెప్పబడినది బారువ తీరానికి నారింజ అమల్లో ఉంది
    మరియు నారింజ సందేశం ఇప్పటికే వెళ్ళింది
    ఈ పరిస్థితిలో కొత్త బులెటిన్ కూడా నారింజే ప్రకటించింది
    అప్పుడు ఆ నంబరుకి కొత్త సందేశం వెళ్ళకూడదు
```

కీవర్డ్స్ అనువాదం కొంచెం ఎబ్బెట్టుగా ఉంది, పైగా తికమక పెడుతుంది. "ఈ పరిస్థితిలో" అని ఉంది కదా అని అక్కడ పరిస్థితి రాసేయకండి. పరిస్థితి "చెప్పబడినది" దగ్గర రాయాలి. "ఈ పరిస్థితిలో" తర్వాత రావాల్సింది ఒక్క సంఘటన మాత్రమే. అక్కడ రెండు సంఘటనలు పడ్డాయంటే అవి రెండు సన్నివేశాలు. కలిపి రాస్తే టెస్ట్ ఫెయిలైనప్పుడు దేనివల్ల ఫెయిలైందో చెప్పలేం.

"5 నిమిషాలు" పేరాలో లేదు. "వెంటనే" ఉన్న చోట మనం పెట్టిన అంకె. దాని పక్కన "క్లయింటు ఒప్పుకోవాలి" అని గుర్తు పెట్టి, అడిగి ఖాయం చేసుకోవాలి. అంకె తప్పైనా ఫరవాలేదు, ఎదురుగా ఉంది కాబట్టి ఎవరో ఒకరు దిద్దుతారు. "వెంటనే" అని వదిలేస్తే దిద్దడానికి ఏమీ ఉండదు.

స్థాయి ఎన్ని రకాలుగా మారుతుంది?

పెరగడం, మారకపోవడం రాశాం. ఇంకేం మిగిలాయి? తగ్గడం ఒకటి, మధ్యలో ఒక రంగు దాటేసి పైకి వెళ్ళడం ఇంకొకటి. తుఫాను త్వరగా బలపడితే ఏ రంగూ లేని స్థితి నుంచి నేరుగా నారింజ రావచ్చు. అప్పుడు పసుపు సందేశం కూడా పంపాలా? అక్కర్లేదు, నారింజ ఒక్కటే చాలు. కానీ ప్రోగ్రామర్ "పసుపు వెళ్ళాకే నారింజ" అని కోడ్ రాసి ఉంటే అసలైన రోజున ఏ సందేశమూ వెళ్ళదు. అందుకే దానికి విడిగా ఒక సన్నివేశం రాయాలి.

తగ్గడం గురించి పేరాలో ఒక్క మాట లేదు. హెచ్చరిక తీసేశారని చెప్పకపోతే మత్స్యకారుడు ఎన్నాళ్ళు ఒడ్డున కూర్చోవాలి? అతనికి వేట లేని రోజంటే ఆదాయం లేని రోజు. ఇది మనం తేల్చేది కాదు, క్లయింటుని అడగాల్సిన ప్రశ్న.

పంపడం వేరు, చేరడం వేరు

స్టోరీ ఆ కి వద్దాం. ఎస్సెమ్మెస్ ఫోనుకి చేరిందో లేదో తెలిపే డెలివరీ రిపోర్టు తీసుకోవచ్చు. కాబట్టి క్రైటీరియన్ ఇలా రాయొచ్చు. స్థితి: బోటు "సముద్రంలో" అని నమోదై ఉంది, సందేశం పంపాం. సంఘటన: 15 నిమిషాలు గడిచినా డెలివరీ రిపోర్టు రాలేదు. ఫలితం: ఆ బోటు సచివాలయం జాబితాలో "చేరలేదు" అని కనిపించాలి. రిపోర్టు వచ్చిందంటే ఫోనుకి చేరినట్టు మాత్రమే, మనిషి చదివినట్టు కాదు. అందుకని జాబితాలో "తెలిసింది" అనే మాట వాడకూడదు.

ఇక్కడ ఇంకో ఖాళీ బయటపడింది. బోటు "సముద్రంలో ఉంది" అని యాప్‌కి ఎవరు చెప్పారు? బయల్దేరేటప్పుడు నమోదు చేసే స్టోరీ లేకుండా మూడో వాక్యం జరగదు. పేరాలో ఆ స్టోరీ ఊసే లేదు, స్థితి అనే గడి నింపబోతే దొరికింది.

తిరిగి సరిచూసుకోవడం

ఇప్పుడు మొదట వేసిన నంబర్లు తీయండి. ప్రతి వాక్యం ఏ స్టోరీలోకి వెళ్ళింది? 1వది అ, ఆ రెండింట్లోకి. 2, 4 రెండూ అ లోకి. 3వది ఆ లోకి, నమోదు స్టోరీలోకి. 5వది, "నమ్మకంగా ఉండాలి", దేన్లోకీ వెళ్ళలేదు. అది ఒక స్టోరీ కాదు కాబట్టి "నమ్మకమైన వ్యవస్థ కావాలి" అని స్టోరీ రాసేసి చేతులు దులుపుకోవద్దు. అన్ని స్టోరీలకీ వర్తించే షరతుగా మార్చండి. ఉదాహరణకి, పంపడం విఫలమైతే ఎన్నిసార్లు మళ్ళీ ప్రయత్నించాలి, సర్వర్ ఆగితే ఎవరికి తెలియాలి.

రాసిన క్రైటీరియా బాగున్నాయో లేదో చూడటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఇవ్వండి. ఒకే యాప్‌ని చూసి ఇద్దరూ ఒకే పాస్ లేదా ఫెయిల్ చెప్పాలి. తేడా వచ్చిందంటే ఏదో ఒక మాట ఇంకా "వెంటనే" లాంటిదే.

ఈ పద్ధతి ఇవ్వలేనిది కూడా ఒకటుంది. తుఫాను దశలు కాకుండా, ఈదురుగాలులున్నప్పుడు వేటకి వెళ్ళొద్దని వాతావరణ శాఖ మత్స్యకారులకి విడిగా హెచ్చరికలిస్తుంది. మన పేరాలో అవి లేవు, మనం రాసిన ఏ గడిలోనూ అవి ఖాళీగా కనిపించలేదు. పేరాలో సగం చెప్పినదాని మిగతా సగాన్ని అచ్చు బయటపెడుతుంది. అసలు చెప్పనే చెప్పనిది తెలియాలంటే రేవుకి వెళ్ళి బోటు దించే వాళ్ళని అడగాల్సిందే.

నమోదు స్టోరీని మీకే వదిలేస్తున్నాను. ఒక్క సూచన. తిరిగొచ్చాక "వచ్చేశాం" అని చెప్పడం మర్చిపోయిన బోటు జాబితాలో ఎప్పటిదాకా "సముద్రంలో" ఉండాలి? అక్కడి నుంచి మొదలుపెట్టండి.